నాలుగు మూలలు కలిపినా ఆన్సర్ ఎందుకు కలవలేదు?

*"అన్నా, డిజిటల్ ఎలక్ట్రానిక్స్ స్లైడ్‌లో నాలుగు వేరియబుల్స్ కే-మ్యాప్ ఒకటి ఇచ్చారు, F(A,B,C,D) = Σm(0,1,2,6,8,10,11,12). పెద్ద గ్రూప్ ముందు తీయాలి కదా అని నాలుగు మూలల్లో ఉన్న ఒకట్లని కలిపి B'D' రాశాను, మిగిలినవాటికి నాలుగు జంటలు, మొత్తం ఐదు టర్మ్స్ అయ్యాయి. స్లైడ్‌లో నాలుగే ఉన్నాయి, B'D' లేనే లేదు. మూలల సంగతే తెలియని నా ఫ్రెండ్‌కి మాత్రం అచ్చం స్లైడ్ ఆన్సర్ వచ్చింది. నాది తప్పా? అసలు 00, 01, 11, 10 అని ఆ తిక్క వరుస ఎందుకు?"*

తప్పు కాదు తమ్ముడూ, ఒక టర్మ్ ఎక్కువైంది అంతే. నీ ఐదు టర్మ్స్‌కీ స్లైడ్‌లో నాలుగు టర్మ్స్‌కీ ట్రూత్ టేబుల్ ఒక్కటే, పదహారు వరుసల్లో ఒక్క చోట కూడా తేడా రాదు. కానీ "సింప్లిఫై చెయ్యి" అన్నప్పుడు అవసరం లేని టర్మ్ ఉంటే మార్కు పోతుంది. ఆ ఎక్కువైన B'D' నిజంగా పనికిరానిదేనా అంటే దానికి వేరే కథ ఉంది, అది చివర్లో చెప్తా, ముందు మ్యాప్ కళ్ళ ముందు పెట్టుకుందాం.

```
AB\CD   00   01   11   10
00       1    1    0    1
01       0    0    0    1
11       1    0    0    0
10       1    0    1    1
```

ముందు ఆ తిక్క వరుస సంగతి, ఎందుకంటే అది అర్థమైతేనే మూలలు ఎందుకు కలుస్తాయో తెలుస్తుంది. మ్యాప్ మీద రెండు ఒకట్లని కలపడం అంటే మనం చేసేది నిజానికి XY + XY' = X అన్న ఒక్క పనే. అంటే ఆ రెండు గళ్ళకీ ఒకే ఒక్క వేరియబుల్‌లో తేడా ఉండాలి, మిగతావన్నీ సేమ్ ఉండాలి. ఇప్పుడు నిలువు వరుసలకి మామూలు బైనరీ లెక్కలో 00, 01, 10, 11 అని పేర్లు పెట్టావనుకో, 01 పక్కన 10 వచ్చి కూర్చుంటుంది, చూడ్డానికి పక్కపక్కనే ఉంటాయి, కానీ C, D రెండూ మారిపోయాయి. ఆ రెండూ కలిపితే వచ్చేది C'D + CD', అది ఎక్స్‌ఓర్, అందులో కొట్టేయడానికి ఏమీ దొరకదు. కళ్ళకి పక్కన కనిపించేది లెక్కలో కూడా పక్కన ఉండాలనే 11 ని ముందుకి జరిపారు, దీన్నే గ్రే కోడ్ వరుస అంటారు. 1952లో ఎడ్వర్డ్ వీచ్ ఇలాంటి చార్ట్ ఒకటి మామూలు బైనరీ వరుసతోనే వేశాడు, మరుసటి ఏడాది 1953లో బెల్ ల్యాబ్స్‌లో పనిచేసే మారిస్ కార్నో ఈ గ్రే వరుసకి మార్చి మనం ఇప్పుడు వాడే రూపం ఇచ్చాడు. (Karnaugh అన్న ఆయన పేరులో gh పలకదు, కార్నో అనే అనాలి, క్లాసులో సగం మంది కార్నాగ్ అనే అంటారు, అన్నా పెద్ద నష్టం లేదులే.)

ఇదే వరుసలో ఇంకో లాభం ఏంటంటే చివరి 10 కీ మొదటి 00 కీ కూడా ఒక్క బిట్టే తేడా. అంటే కుడి అంచు, ఎడమ అంచు పక్కపక్కవే, కాగితాన్ని గొట్టంలా చుట్టినట్టు. పై అంచు, కింది అంచు కూడా అంతే. అందుకే నువ్వు చూసిన నాలుగు మూలలు 0, 2, 8, 10 నిజంగానే ఒకే గ్రూప్: 0000, 0010, 1000, 1010 రాసి చూడు, A రెండు రకాలుగా ఉంది, C రెండు రకాలుగా ఉంది, అవి పోయాయి, B ఎప్పుడూ 0, D ఎప్పుడూ 0, మిగిలింది B'D'. ఇక్కడిదాకా నువ్వు చేసింది నూటికి నూరు పాళ్ళు కరెక్ట్.

ఇరుక్కుంది ఎక్కడంటే "పెద్ద గ్రూప్ ముందు తీయాలి" అన్న మాట దగ్గర. ఈ మాట అందరూ చెప్తారు, స్లైడ్స్‌లో కూడా బోల్డ్‌లో ఉంటుంది, కానీ దాని అసలు అర్థం వేరు. తీసే ప్రతి గ్రూప్‌నీ ఇంక పెంచలేనంత పెద్దదిగా తీయాలి, అంటే నాలుగుకి సాగే చోట జంట దగ్గర ఆగిపోకూడదు, అది నిజం. అంతేగానీ మ్యాప్ మొత్తంలో అన్నిటికన్నా పెద్ద గ్రూప్ ఏదో దాన్ని వెతికి ముందు చుట్టేయమని కాదు. ఎక్కడ మొదలుపెట్టాలి అనేది గ్రూప్ సైజు చెప్పదు, ఒంటరిగా ఉన్న ఒకటి చెప్తుంది. అంటే వేరే దారి లేని ఒకటి, దాన్ని కవర్ చేయాలంటే ఒక్క గ్రూప్ తప్ప ఇంకోటి దొరకనిది.

నీ మ్యాప్‌లోనే చూద్దాం. గడి 1 తీసుకో, అంటే 0001. దానికి నాలుగు పక్కలు ఉంటాయి, ఒక్కో బిట్ మార్చితే ఒక్కోటి: 0, 3, 5, 9. వీటిలో ఒకటి ఉన్నది 0 లోనే. అంటే 1 ఏ గ్రూప్‌లో అయినా చేరాలంటే 0 తోనే చేరాలి, ఆ జంటని పెంచడానికీ లేదు, కాబట్టి (0,1) తప్పనిసరి, A'B'C'. ఇప్పుడు గడి 6: పక్కలు 7, 4, 2, 14, వీటిలో 2 మాత్రమే ఉంది, కాబట్టి (2,6) తప్పనిసరి, A'CD'. గడి 11: పక్కలు 10, 9, 15, 3, ఉన్నది 10 ఒక్కటే, (10,11) తప్పనిసరి, AB'C. గడి 12: పక్కలు 13, 14, 8, 4, ఉన్నది 8 ఒక్కటే, (8,12) తప్పనిసరి, AC'D'. వీటినే బుక్‌లో ఎసెన్షియల్ ప్రైమ్ ఇంప్లికెంట్స్ అంటారు, పేరు పెద్దదే గానీ విషయం ఇంతే, వేరే దారి లేని గ్రూప్ అని.

ఇప్పుడు ఆగి లెక్కపెట్టు. 0, 1, 2, 6, 10, 11, 8, 12. ఎనిమిదికి ఎనిమిదీ అయిపోయాయి! నాలుగు మూలలూ ఈ నాలుగు జంటల్లో తలా ఒకటి చొప్పున వెళ్ళిపోయాయి, B'D' వచ్చి కొత్తగా కవర్ చేయడానికి ఒక్క గడి కూడా మిగల్లేదు. అందుకే స్లైడ్‌లో

```
F = A'B'C' + A'CD' + AB'C + AC'D'
```

అని ఆగిపోయారు. నువ్వు మూలలతో మొదలుపెట్టావు, ఆ నాలుగు గళ్ళూ కొట్టేసుకున్నావు, తర్వాత బయట మిగిలిన 1, 6, 11, 12 కోసం ఎలాగూ ఆ నాలుగు జంటలూ తీయాల్సి వచ్చింది, అప్పుడు వెనక్కి తిరిగి మొదటి గ్రూప్ ఇంకా అవసరమా అని చూసుకోలేదు, జరిగిందంతా అదే. అలవాటుగా పెద్దదే ముందు తీసేవాళ్ళు కనీసం చివర్లో ఈ ఒక్క చెక్ పెట్టుకోవాలి: ప్రతి గ్రూప్‌నీ వేలితో మూసి చూడు, దాంట్లో ఉన్న ప్రతి ఒకటీ ఇంకో గ్రూప్‌లో కూడా ఉంటే ఆ గ్రూప్ తీసేయొచ్చు. రెండు గ్రూపులు తీసేసేలా కనిపిస్తే మాత్రం రెండూ ఒకేసారి తీయకు, ఒకటి తీశాక రెండోదాన్ని మళ్ళీ చూడు, ఎందుకంటే ఒకదాన్ని నమ్ముకుని ఇంకోటి ఉండొచ్చు.

నమ్మకం కలగకపోతే ఇది రన్ చేసి చూడు, F స్లైడ్‌ది, G నీది, రెండు కాలమ్స్ ఒకేలా వస్తాయి:

```python
for m in range(16):
    A, B, C, D = m>>3 & 1, m>>2 & 1, m>>1 & 1, m & 1
    a, b, c, d = 1-A, 1-B, 1-C, 1-D
    F = a&b&c | a&C&d | A&b&C | A&c&d
    G = F | b&d
    print(m, F, G)
```

ఇంక నీ ఫ్రెండ్ సంగతి. వాడికి వచ్చింది లక్ అంతే, ఈ మ్యాప్‌లో కావాల్సిన నాలుగు జంటలూ అంచులు దాటకుండా కళ్ళ ముందే కనిపిస్తున్నాయి, అందుకని మూలలు తెలియకపోయినా బండి నడిచిపోయింది. వాడికి ఇదే మ్యాప్‌లో గడి 6 ఒక్కటి సున్నా చేసి ఇవ్వు, అంటే Σm(0,1,2,8,10,11,12). ఇప్పుడు 2 పక్కన ఉన్నవి 0, 10 మాత్రమే, రెండూ అంచు దాటితేనే అందుతాయి, వాడు 2 ని ఒంటరిగా వదిలేసి A'B'CD' అని నాలుగు అక్షరాల టర్మ్ రాస్తాడు. నిజానికి ఇప్పుడు 2 కి ఉన్న ఒకే ఒక్క పెద్ద గ్రూప్ ఆ నాలుగు మూలలే, కాబట్టి ఇందాక అక్కర్లేదన్న B'D' ఇప్పుడు తప్పనిసరి అయిపోయింది, ఆన్సర్ B'D' + A'B'C' + AB'C + AC'D'. ఒక్క గడి మారితే తీర్పు తిరగబడింది చూశావా, అందుకే "మూలలు కనిపిస్తే తీసేయాలి" అనీ "తీయకూడదు" అనీ రూల్ పెట్టుకోలేం, ప్రతిసారీ ఆ ఒంటరి ఒకట్లనే అడగాలి.

ఇప్పుడు చివర్లో చెప్తానన్న కథ. నేను చదువుకునేటప్పుడు ల్యాబ్‌లో ఇలాంటి సర్క్యూటే బ్రెడ్‌బోర్డ్ మీద కట్టి, దాని అవుట్‌పుట్‌ని తీసుకెళ్ళి ఒక కౌంటర్ క్లాక్‌కి ఇచ్చాను (ఇవ్వకూడదు, అప్పుడు తెలీదు). ట్రూత్ టేబుల్ చెక్ చేస్తే అన్నీ కరెక్ట్, ఎల్‌ఈడీ వెలగాల్సిన చోట వెలుగుతోంది, కానీ ఒక స్విచ్ ఇటు నుంచి అటు మారిస్తే, అవుట్‌పుట్ రెండు వైపులా 1 గానే ఉండాల్సిన చోట కూడా, కౌంటర్ అప్పుడప్పుడూ ఒక అంకె ముందుకి దూకేది. స్విచ్ బౌన్స్ అనుకుని డిబౌన్స్ సర్క్యూట్ పెట్టాను, అయినా ఆగలేదు. రెండు గంటలు వైర్లు పీకి పెట్టాక తెలిసింది, తప్పు వైరింగ్‌లో లేదు, నేను ముచ్చటపడి మినిమైజ్ చేసిన ఎక్స్‌ప్రెషన్‌లోనే ఉంది.

నీ మ్యాప్ మీదే చెప్తా. A, B, D మూడూ 0 లో పెట్టి C ఒక్కదాన్నే 1 నుంచి 0 కి మార్చు, అంటే గడి 2 నుంచి గడి 0 కి వెళ్తున్నావు. రెండు చోట్లా F = 1, కాబట్టి అవుట్‌పుట్ కదలకూడదు. కానీ స్లైడ్ ఆన్సర్‌లో గడి 2 ని పట్టుకుని ఉన్నది A'CD', గడి 0 ని పట్టుకునేది A'B'C'. C కిందకి పడగానే A'CD' గేట్ వెంటనే వదిలేస్తుంది, A'B'C' గేట్ పట్టుకోవాలంటే మాత్రం ముందు ఇన్వర్టర్ C' ని 1 చేసి ఇవ్వాలి, 74LS ఐసీల్లో ఆ ఒక్క ఇన్వర్టర్‌కే సుమారు 10 నానోసెకండ్లు పడుతుంది. ఆ కాస్త సేపు ఎవరూ పట్టుకోలేదు, అవుట్‌పుట్ 0 కి జారి మళ్ళీ 1 కి లేస్తుంది. దీన్ని స్టాటిక్-1 హజార్డ్ అంటారు, ఆ చిన్న గుంటని గ్లిచ్ అంటారు. C ని 0 నుంచి 1 కి మారిస్తే ఈ గొడవ రాదు, ఎందుకంటే అప్పుడు కొత్త గేట్ ముందే పట్టుకుంటుంది, పాతది ఇన్వర్టర్ కోసం ఆగి లేటుగా వదులుతుంది. ఒక వైపే వస్తుంది కాబట్టే పట్టుకోవడం కష్టం, ఎల్‌ఈడీలో కంటికి ఎలాగూ కనిపించదు, స్కోప్‌లో ఫాలింగ్ ఎడ్జ్ మీద ట్రిగ్గర్ పెట్టి చూస్తే దొరుకుతుంది.

మ్యాప్ మీద దీన్ని కనిపెట్టడం మాత్రం చాలా ఈజీ. పక్కపక్కనే ఉన్న రెండు ఒకట్లు, రెండింటినీ కలిపి చుట్టిన గ్రూప్ ఒక్కటి కూడా లేకపోతే, ఆ రెండింటి మధ్య హజార్డ్ ఉన్నట్టే. స్లైడ్ ఆన్సర్‌లో అలాంటివి ఎన్ని ఉన్నాయో చూడు: 0-2, 0-8, 2-10, 8-10. నాలుగూ మూలల మధ్యే! బయట ఉన్న 1, 6, 11, 12 కి ఒక్కో పక్కే ఉంది, అవి ఆల్రెడీ తమ జంటల్లో ఉన్నాయి, వాటికి బాధ లేదు. ఈ నాలుగు అతుకుల్నీ ఒక్క దెబ్బకి కప్పేసే గ్రూప్ ఏది? నువ్వు రాసిన B'D'. B, D రెండూ 0 గా ఉన్నంతసేపు A మారినా C మారినా ఆ గేట్ 1 ని వదలదు, పక్కన ఎవరు లేటుగా వచ్చినా ఫర్వాలేదు. అంటే స్లైడ్ ఆన్సర్ మినిమమ్, నీ ఆన్సర్ హజార్డ్-ఫ్రీ.

దీనికి ఖర్చు ఎంత అంటే, అక్షరాల లెక్కలో స్లైడ్‌ది 12, నీది 14. నాండ్-నాండ్‌గా కడితే స్లైడ్ వెర్షన్‌కి నాలుగు మూడు-ఇన్‌పుట్ నాండ్‌లు కావాలి, ఒక 7410 లో మూడే ఉంటాయి కాబట్టి రెండు 7410 లు పెట్టాలి, చివర నాలుగు-ఇన్‌పుట్ నాండ్‌కి ఒక 7420. అప్పటికే 7410 ల్లో రెండు గేట్లు ఖాళీగా పడున్నాయి, వాటిలో ఒకదాన్ని ఒక ఇన్‌పుట్ హైకి కట్టేసి B'D' కి వాడుకో, చివర మాత్రం ఐదు ఇన్‌పుట్లు కావాలి కాబట్టి 7420 తీసి ఎనిమిది ఇన్‌పుట్ల 7430 పెట్టు, మిగిలిన మూడు పిన్స్ హైకి కట్టెయ్, గాల్లో వదలకు. ఇన్వర్టర్లకి రెండిట్లోనూ ఒక 7404 చాలు. ఐసీల సంఖ్య అంతే, ఒక్కటి కూడా పెరగలేదు. పేపర్ మీద మినిమమ్ అంటే బోర్డ్ మీద చవక అని ప్రతిసారీ అర్థం కాదు.

కాకపోతే ప్రతి సర్క్యూట్‌కీ ఈ ఎక్స్‌ట్రా టర్మ్ వేసుకుంటూ పోవాలనుకోకు. ఈ F వెళ్ళి ఒక ఫ్లిప్-ఫ్లాప్ డి-ఇన్‌పుట్‌కి తగులుతూ, క్లాక్ వచ్చేలోపు సెటిల్ అయిపోతుంటే మధ్యలో గ్లిచ్ వచ్చినా ఎవరూ పట్టించుకోరు, మామూలు సింక్రనస్ డిజైన్ అంతా ఇలాగే బతుకుతుంది. F వెళ్ళి క్లాక్‌కో, ఎసింక్రనస్ రీసెట్‌కో, లాచ్ ఎనేబుల్‌కో తగిలితేనే ప్రాబ్లం, అక్కడ కూడా అసలు మందు ఏంటంటే లాజిక్ అవుట్‌పుట్‌ని క్లాక్‌గా వాడకపోవడమే. ఇంకో సంగతి, B'D' కాపాడేది ఒక్క ఇన్‌పుట్ మారినప్పుడే. 0001 నుంచి 0010 కి, అంటే C, D రెండూ ఒకేసారి మారాయనుకో, నిజానికి రెండూ ఒకే క్షణంలో మారవు, మధ్యలో 0000 మీదుగా వెళ్తే బతికిపోతావు, 0011 మీదుగా వెళ్తే అక్కడ F నిజంగానే 0, దాన్ని ఏ గ్రూపూ ఆపలేదు. ఎఫ్‌పీజీఏలో రాస్తే సింథసిస్ టూల్ నీ B'D' ని అనవసరం అని తనే తీసి పారేస్తుంది, అక్కడ లాజిక్ అంతా లుకప్ టేబుల్‌లోకి పోతుంది కాబట్టి ఈ గేట్ల లెక్క అలాగే వర్తించదు.

పరీక్షలో "మినిమైజ్" లేదా "సింప్లిఫై" అని ఉంటే నాలుగు టర్మ్సే రాయి, "హజార్డ్-ఫ్రీ" అని ఉంటే ఐదూ రాయి, ఐదో టర్మ్ ఏ అతుకుల కోసమో పక్కన 0-2, 0-8, 2-10, 8-10 అని వేసి చూపించు. స్లైడ్ చెప్పిన సార్‌ని కూడా ఒకసారి అడుగు, ఈ మ్యాప్‌లో ఒకట్లు ఇలా మూలకొకటి చొప్పున గాలిపటం తోకల్లా అమర్చి ఉన్నాయంటే, పెద్దది ముందు తీసేవాళ్ళని పట్టుకోవడానికే కావాలని తయారుచేసినట్టు నాకు అనిపిస్తోంది.